సన్న పైపు మీద మంచు కడితే గ్యాస్ తగ్గినట్టేనా? క్యాపిలరీ, ఈఈవీ తేడాలు

స్ప్లిట్ ఏసీలో అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు మీద మంచు కడితే మెకానిక్ చెప్పే మాట ఒకటే, "గ్యాస్ తగ్గింది సార్" అని. తగ్గి ఉండొచ్చు. కానీ క్యాపిలరీ సగం మూసుకుపోయినా అచ్చం అలాగే కనిపిస్తుంది.

క్యాపిలరీ అంటే సన్నటి రాగి గొట్టం, అంతే. కండెన్సర్ నుంచి వచ్చే లిక్విడ్ ప్రెషర్ ఇందులో పడిపోతుంది. సిస్టమ్‌లో చెత్తో, కాలిన ఆయిలో చేరితే ముందు దెబ్బ తినేది ఇదే. అప్పుడు లిక్విడ్ కండెన్సర్‌లోనే ఆగిపోయి, ఇండోర్ కాయిల్‌కి గ్యాస్ చాలదు.

మా బాబాయి వాళ్ల ఒకటిన్నర టన్ను నాన్ ఇన్వర్టర్ ఏసీ చూడండి. ఆర్32 గ్యాస్. ఒకే వేసవిలో రెండుసార్లు గ్యాస్ పట్టించారు, లీకు ఎక్కడో ఎవరూ వెతకలేదు. నడుస్తుంటే గేజ్‌లో 80 పీఎస్ఐ ఉంది, 130 నుంచి 150 దాకా ఉండాలి. ఏసీ ఆపేసి గేజ్ అలాగే ఉంచాం. బయట 35 డిగ్రీలు. క్యాపిలరీ బాగుంటే నాలుగైదు నిమిషాల్లో రెండు వైపులా ప్రెషర్ సమానమై, ముల్లు 300 దగ్గరికి రావాలి. మాది పది నిమిషాలకి కూడా 190 దాటలేదు. గ్యాస్ మాత్రమే తగ్గి ఉంటే ఇంత ఆలస్యం కాదు, దారి తెరిచే ఉంటుంది కదా.

ఆ గ్యాస్‌ని రికవరీ సిలిండర్‌లోకి తీసి తూకం వేస్తే 1,080 గ్రాములు! ప్లేట్ మీద రాసింది 850. గ్యాస్ ఎక్కువై ఉంది, కంప్రెసర్ అనవసరంగా వేడెక్కుతోంది. అదే బోరు, అదే పొడవున్న కొత్త క్యాపిలరీ, స్ట్రైనర్ వేసి, వ్యాక్యూమ్ చేసి 850 గ్రాములు తూచి నింపితే ముల్లు 140కి వచ్చింది.

ఇప్పుడు ఇన్వర్టర్ ఏసీల్లో ఉండే ఈఈవీ. ఎలక్ట్రానిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అన్నమాట. లోపల సూది, దాన్ని తిప్పే స్టెప్పర్ మోటార్. కరెంట్ ఇవ్వగానే టకటకమని శబ్దం వస్తుందే, అది ఫాల్ట్ కాదు. సూది ఎక్కడుందో చెప్పే సెన్సార్ లేదు కాబట్టి, బోర్డు దాన్ని ముందు పూర్తిగా మూసి అక్కడి నుంచి స్టెప్పులు లెక్కపెడుతుంది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, రిటర్న్ వాల్యూ లేని ఫంక్షన్. అందుకే సూది ఇరుక్కున్నా, చాలా మోడల్స్‌లో బోర్డుకి నేరుగా తెలీదు.

మూసుకుని ఇరుక్కుంటే ఇక్కడా గ్యాస్ తక్కువైనట్టే కనిపిస్తుంది. తెరుచుకుని ఇరుక్కుంటే మాత్రం లావు పైపు, కంప్రెసర్ ఒళ్లు చల్లబడి చెమట పడతాయి, లిక్విడ్ వెనక్కి వచ్చేస్తోందన్నమాట. అది కంప్రెసర్‌కి ప్రమాదం, వెంటనే ఆపేయండి.

ఇందాకటి ప్రెషర్ టెస్ట్‌ని దీని మీద నమ్మకండి. ఆపినప్పుడు వాల్వ్ తెరిచి ఉంచాలా మూయాలా అన్నది బోర్డు ఇష్టం. ముందు వాల్వ్ మీదున్న కాయిల్ కనెక్టర్ తుప్పు పట్టిందేమో చూసి, మీటర్ పెట్టండి. చాలా 12 వోల్టుల కాయిల్స్‌లో ఒక్కో వైండింగ్ 46 ఓమ్స్ దగ్గర ఉంటుంది. ఓపెన్ చూపిస్తే కాయిల్ ఒక్కటే మారిస్తే సరి, అది పైనుంచి ఊడొస్తుంది, గ్యాస్ ముట్టుకోనక్కర్లేదు. కాయిల్ బాగుంటే పైపుల మీది థర్మిస్టర్లు చూడండి, అవి తప్పు ఉష్ణోగ్రత చెబితే మంచి వాల్వ్ కూడా తప్పుగానే తెరుచుకుంటుంది. ఆ రెండూ సరిగ్గా ఉన్నాకే వాల్వ్ కోసే మాట.