వర్గానికి వేసిన నంబరు కొలత కాదు

ఎంబీఏ ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ కనిపించే తప్పు ఒకటుంది. బ్యాంకు ఖాతాదారులను సేవలకు పదికి ఎన్ని మార్కులిస్తారని అడుగుతారు. ఎక్సెల్‌లో ఉద్యోగులకు 1, చిరువ్యాపారులకు 2, పింఛనుదారులకు 3 అని కోడు వేస్తారు. ఆ కోడుకూ మార్కులకూ కోరిలేషన్ కట్టి, వర్గానికీ సంతృప్తికీ సంబంధం అంతంతమాత్రమేనని రాసేస్తారు.

ఓ చిన్న ఊహా లెక్క చూడండి. వర్గానికి ఐదుగురు. ఉద్యోగులు 5, 6, 7, 8, 9 మార్కులు, వ్యాపారులు 3, 4, 5, 6, 7, పింఛనుదారులు 6, 7, 8, 9, 10 ఇచ్చారనుకుందాం. సగటులు వరుసగా 7, 5, 8. పై కోడుతో కోరిలేషన్ 0.22. ఇప్పుడు వ్యాపారులకు 1, ఉద్యోగులకు 2 అని కోడు మార్చండి. ఎవరి మార్కూ మారలేదు, కానీ కోరిలేషన్ 0.65 అయింది! మనం వేసిన నంబర్ల వరుసను బట్టి మారిపోయే ఫలితం ఖాతాదారుల గురించి ఏం చెబుతుంది?

ఇక్కడ కావలసింది వన్-వే అనోవా. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ రొనాల్డ్ ఫిషర్ 1920లలో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. ఒకే వర్గంలోని వాళ్లు కూడా ఒకే మార్కు ఇవ్వరు కదా. ఆ మామూలు హెచ్చుతగ్గుల కంటే వర్గాల సగటుల మధ్య తేడా ఎంత పెద్దదో అనోవా చూస్తుంది. మన లెక్కలో వర్గాల మధ్య తేడా 11.67, వర్గాల లోపలి తేడా 2.5. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4.67. కోడు ఎలా మార్చినా ఇది మారదు. ఐదు శాతం స్థాయికి పట్టికలో ఉన్న హద్దు 3.89. దాన్ని దాటింది కాబట్టి రిపోర్టులో F(2, 12) = 4.67, p = 0.03 అని రాయొచ్చు.

చాలామంది ఇక్కడే ఆపేసి 'మూడు వర్గాలూ వేర్వేరు' అని తేల్చేస్తారు. అనోవా చెప్పింది అంత కాదు. మూడు సగటులూ ఒకటే అనుకోలేమని మాత్రమే చెప్పింది. ఏ జంటలో తేడా ఉందో ట్యూకీ పరీక్షతో చూడాలి. దాని ప్రకారం ఇక్కడ రెండు సగటుల మధ్య కనీసం 2.67 తేడా ఉండాలి. వ్యాపారులకూ పింఛనుదారులకూ మధ్య 3 ఉంది కాబట్టి ఆ జంట ఒక్కటే నిలిచింది. ఉద్యోగులు ఎవరితోనూ తేడాగా తేలలేదు. అంతమాత్రాన వాళ్లు మిగతావాళ్లతో సమానమని రాయకూడదు. ఐదేసి మందితో చిన్న తేడాలు బయటపడవు.

మరి కోరిలేషన్ ఎక్కడ పనికొస్తుంది? క్యూలో నిలబడ్డ నిమిషాలకూ మార్కులకూ కట్టొచ్చు, రెండూ నిజమైన కొలతలే. అయితే అందరినీ కలిపి ఒక్కసారే కట్టి ఊరుకోవద్దు. వ్యాపారులు రద్దీ వేళల్లో వచ్చి ఎక్కువసేపు నిలబడి, వేరే కారణంతో తక్కువ మార్కులు ఇచ్చి ఉంటే, ఆ నెపం క్యూ మీద పడుతుంది. ఒక్కో వర్గానికి విడిగా చుక్కల పటం గీస్తే, క్యూతో పాటు మార్కులు నిజంగా తగ్గుతున్నాయో లేదో తెలుస్తుంది.