రీసెట్ తర్వాత స్నేహితులు ఆటలోకి రాలేకపోతే

ఇంటి కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ నడుస్తోంది. ఇంట్లోవాళ్లు మామూలుగానే ఆడుతున్నారు, బయటి స్నేహితులకు మాత్రం కనెక్ట్ కావడం లేదు. ఈమధ్య రౌటర్‌ను రీసెట్ చేసి ఉంటే, పోర్ట్ ఫార్వర్డ్ చెరిగిపోయి ఉంటుంది. బయటి నుంచి 25565 పోర్టుకు వచ్చే కనెక్షన్‌ను ఏ కంప్యూటర్‌కు పంపాలో రౌటర్‌కు చెప్పే నియమం అది. ఫ్యాక్టరీ రీసెట్ దాన్ని తుడిచేస్తుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లోనూ ఒక్కోసారి పోతుంది.

మొదట రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే రీసెట్‌తో డిఫాల్ట్ పాస్‌వర్డే తిరిగొస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్ చిరునామా చూడండి. ఫార్వర్డ్‌తోపాటు డీహెచ్‌సీపీ రిజర్వేషన్ కూడా పోయింది కాబట్టి, నిన్న 192.168.1.50 ఉన్న కంప్యూటర్‌కు ఇవాళ 192.168.1.12 వచ్చి ఉండొచ్చు. పాత నంబరుతో నియమం రాస్తే కనెక్షన్ ఇంకో పరికరానికి పోతుంది. అందుకే 50ని ఆ కంప్యూటర్‌కే మళ్లీ రిజర్వ్ చేసి, దాన్ని నెట్‌వర్క్‌కు తిరిగి కలిపి, ఆపైనే టీసీపీ 25565ను దానికి ఫార్వర్డ్ చేయాలి.

తొందరలో డీఎంజెడ్ ఆన్ చేయొద్దు. అది ఒక్క పోర్టును కాదు, దాదాపు అన్ని పోర్టులనూ ఆ కంప్యూటర్ వైపు తెరుస్తుంది. ఫర్మ్‌వేర్ వెర్షన్ మారితే పాత బ్యాకప్ ఫైలు సరిపడకపోవచ్చు, అప్పుడు సెట్టింగులను చేత్తో నింపడమే మేలు. రీసెట్‌కు ముందే ఆ పేజీల స్క్రీన్‌షాట్లు తీసుకుంటే పని తేలిక.

చివరగా సర్వర్‌ను నడుపుతూ, వైఫై ఆపిన ఫోన్‌లో పోర్ట్ చెకర్ సైటు తెరిచి, ఇంటి పబ్లిక్ ఐపీ, 25565 ఇచ్చి పరీక్షించండి. పోర్టు మూసే ఉందంటే రౌటర్‌లో WAN ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అడ్డు సర్వీస్ ప్రొవైడర్ దగ్గరే ఉంది. పబ్లిక్ ఐపీ అడగాల్సింది వాళ్లనే.