రాత్రి కలిపిన పిండి, పొద్దున వేళ్లతో నొక్కే రొట్టె

ఇటలీ వాయవ్య తీరంలో, కొండలకూ సముద్రానికీ మధ్య సన్నగా సాగిన ప్రాంతం లిగూరియా. దాని ముఖ్యపట్టణం జెనోవా. పొద్దున్నే అక్కడి బేకరీల్లోంచి వెడల్పాటి ఇనప ట్రేలు బయటికొస్తాయి. వాటిలో ఉండేది ఫొకాచ్చా. ఎత్తుగా పొంగని రొట్టె అది. పైనంతా వేలి గుంతలు, గుంతల్లో నూనె. ముక్కలుగా కోసి కాగితంలో చుట్టిస్తే జనం నడుస్తూనే తినేస్తారు. కాపుచీనోలో ముంచుకుని తినేవాళ్లూ ఉన్నారు.

రొట్టెలు కాల్చడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు ఇదే చెప్తాను. ఇందులో పిసకడం లేదు, ఆకారం దిద్దడం లేదు. ఆ రెండు పనులనూ నీళ్లు, సమయం కలిసి చేసేస్తాయి. జెనోవా బేకరీల్లో పిండి మామూలుగా ఇంత జారుగా ఉండదు. ముందురోజు రాత్రి తడిపిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం ఇళ్లలో వంట చేసుకునేవాళ్లకు బాగా కుదిరిన పద్ధతి.

తొమ్మిది అంగుళాల చదరపు ట్రేకి 300 గ్రాముల మైదా, 225 గ్రాముల నీళ్లు, 6 గ్రాముల ఉప్పు, అర టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒక టేబుల్‌స్పూను ఆలివ్ నూనె కావాలి. ట్రేకీ పైకీ వేయడానికి మరో నాలుగు టేబుల్‌స్పూన్లు పక్కన ఉంచుకోండి. కప్పులతో కొలిస్తే మైదా ఒకసారి నొక్కుకుపోయి, ఒకసారి వదులుగా పడుతుంది. అందుకని వంటింటి తూకం వాడండి. విదేశీ వంటకాల్లో ఇంతే పిండికి 240 గ్రాములో, ఇంకా ఎక్కువో నీళ్లు చెప్తారు. అవి ప్రొటీన్ ఎక్కువున్న బ్రెడ్ పిండికి తగిన కొలతలు. మన మైదా అన్ని నీళ్లు పట్టుకోలేదు.

రాత్రి ఎనిమిదింటికి అన్నీ ఒక గిన్నెలో వేసి, పొడిపిండి కనబడనంత వరకు గరిటెతో కలపండి. అది గారెల పిండి కంటే జారుగా, దోసె పిండి కంటే చాలా చిక్కగా, వేళ్లకు అంటుకుంటూ ఉంటుంది. చపాతీ పిండికి అలవాటుపడిన చెయ్యి ఇక్కడే మరో గుప్పెడు మైదా చల్లబోతుంది. చల్లకండి. మైదాలోని ప్రొటీన్లు తడిసి ఒకదానికొకటి అల్లుకుంటేనే గ్లూటెన్ అనే సాగే జాలం తయారవుతుంది. నీళ్లు బాగా ఉంటే ఆ అల్లిక పిసక్కపోయినా గంటల తరబడి దానంతటదే సాగుతుంది. ఓవెన్‌లో ఆ నీరే ఆవిరై, జాలంలో చిక్కిన గాలిబుడగలను ఉబ్బిస్తుంది. పిండి చల్లి గట్టిపరిస్తే దక్కేది మామూలు బన్ను.

అరగంటకోసారి, మొత్తం మూడుసార్లు, చెయ్యి తడి చేసుకుని పిండిని ఒక అంచున పట్టి పైకి సాగదీసి మధ్యకు మడవండి. గిన్నెను తిప్పుతూ నాలుగు వైపులా అలాగే చేయండి. మొదటిసారి తెగిపోతుంది. మూడోసారికి నున్నగా సాగి, ముద్దగా నిలబడుతుంది. జాలం కుదిరిందనడానికి అదే గుర్తు. తర్వాత పైన కాస్త నూనె రాసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి.

ఫ్రిజ్‌లో ఈస్ట్ పని ఆగిపోదు, బాగా నెమ్మదిస్తుంది. ఈలోగా పిండిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని కొంచెం కొంచెంగా చక్కెరగా మారుస్తుంటాయి. రొట్టెకు రుచి, ఎర్రటి పైపొర అక్కడి నుంచే వస్తాయి. పన్నెండు గంటలు చాలు, ఇరవైనాలుగైనా ఇబ్బంది లేదు. పొద్దున చూసేసరికి పిండి రెట్టింపుకు దగ్గరగా పొంగి, గిన్నె అంచుల దగ్గర బుడగలు కనబడాలి. ఏ మార్పూ లేకపోతే గిన్నెను బయట పెట్టి ఒక గంట చూడండి. అప్పటికీ కదలిక లేకుంటే ఈస్ట్ పాతదన్నమాట.

ట్రేలో రెండు టేబుల్‌స్పూన్ల నూనె పోసి, గాలి పోకుండా పిండిని మెల్లగా అందులోకి జార్చి, ఒకసారి బోర్లించండి. ఈ నూనె రొట్టె అంటుకోకుండా ఉండటానికి మాత్రమే కాదు. అడుగును వేయించి కరకరలాడించేది అదే కాబట్టి పిసినారితనం పనికిరాదు. ట్రేకి మామూలు ఆలివ్ నూనె సరిపోతుంది. పైన వేసేది మాత్రం ఎక్‌స్ట్రా వర్జిన్ అయితేనే వాసన తెలుస్తుంది. సీసా మీద పొమేస్ అని ఉంటే, అది నూనె తీసేశాక మిగిలిన పిప్పి నుంచి మళ్లీ తీసి శుద్ధి చేసిన రకం. దానికి ఆ వాసన ఉండదు.

చల్లటి పిండిని వెంటనే మూలల దాకా లాగితే వెనక్కి ముడుచుకుంటుంది. అరగంట వదిలేస్తే దానంతటదే పరుచుకోవడం మొదలవుతుంది. అప్పుడు మూలల్లోకి నెట్టండి. ఇక ఎంతసేపు ఆగాలన్నది గడియారం చెప్పలేదు. విజయవాడలో మే నెలలో గంట కాకుండానే సిద్ధమవుతుంది, డిసెంబరులో మూడు గంటలైనా పట్టొచ్చు. ట్రేని కొద్దిగా కదిపితే పిండి మొత్తం తొణకాలి, పైన అక్కడక్కడా పెద్ద బుడగలు తేలాలి. నూనె వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా సగం పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి.

ఇప్పుడు గుంతలు. ముందు పైన ఒక టేబుల్‌స్పూను నూనె పోసి, రెండు చేతుల వేళ్లనూ అందులో తడపండి. వేళ్లను నిటారుగా పెట్టి, అడుగున ట్రే గట్టిదనం తగిలేదాకా దించి, నేరుగా పైకి తీయండి. పక్కలకు లాగకండి, చింపకండి. ఓ అంగుళం ఎడంతో మొత్తం ఒకసారి నొక్కితే చాలు. పైపైన నొక్కిన గుంతలు ఓవెన్‌లో పూడిపోతాయి. అడుగుదాకా నొక్కినచోట పై పొర, కింది పొర అతుక్కుని రొట్టె మధ్యలో గుమ్మటంలా లేవకుండా పట్టి ఉంచుతాయి. నొక్కని చోట్ల బుడగలు పక్కలకు జరిగి, ఉబ్బి పెద్దవవుతాయి. నొక్కుతుండగానే పిండి నీరుగారి కూలిపోయి, ఘాటైన వాసన వస్తుంటే అది ఎక్కువసేపు పొంగిందని అర్థం. అప్పుడు కాల్చుకుని పల్చటి రొట్టెగా తినడమే, దాన్ని వెనక్కి తేలేం.

లిగూరియావాళ్లు ఈ గుంతల్లో ఉప్పునీళ్లు కూడా పోస్తారు. దాన్ని సలమోయా అంటారు. రెండు టేబుల్‌స్పూన్ల గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూను ఉప్పు, మిగిలిన టేబుల్‌స్పూను నూనె గిలకొట్టి పైనంతా పోయండి. తప్పు చేస్తున్నామేమో అన్నంతగా నీళ్లు నిలుస్తాయి, కంగారుపడకండి. కాలాక గుంతల అడుగు మెత్తగా, తెల్లగా, ఉప్పగా మిగులుతుంది. మధ్యలోని మిట్టలు ఎర్రబడతాయి. పైన ఉల్లిపాయ చక్రాలో, రోజ్‌మేరీనో వేయొచ్చు గానీ మొదటిసారి ఏమీ వద్దు.

ఓవెన్‌ను 220 డిగ్రీల దగ్గర ముందుగా అరగంట వేడెక్కనివ్వాలి. చిన్న ఓటీజీల్లో దీపం ఆరిపోయిందంటే వేడి సరిపోయిందని నమ్మలేం. ట్రేని కింది వరుసలో పెట్టి ఇరవై రెండు నుంచి ఇరవై ఐదు నిమిషాలు కాల్చండి. పైన రంగు వచ్చిందని వెంటనే తీసేయకుండా, అట్లకాడతో ఒక మూల ఎత్తి అడుగు చూడండి. అక్కడ కూడా ఎర్రగా ఉంటేనే అయినట్టు. పైనే తెల్లగా ఉంటే చివరి మూడు నిమిషాలు పై కడ్డీ వేస్తే చాలు. తీసిన అయిదు నిమిషాల్లోపే జాలీ మీదికి మార్చండి, ట్రేలోనే వదిలేస్తే ఆవిరికి అడుగు మెత్తబడుతుంది. ఇది ఆ పూటకే బాగుంటుంది. మిగిలితే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, తినేముందు మూతపెట్టిన పెనం మీద సన్నటి సెగన వేడిచేసుకోండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, రొట్టె బయటకంటే అక్కడే తొందరగా గట్టిపడుతుంది.