గ్లాసు వైనా... సీసానా?

పెళ్లిరోజు కదా అని భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్‌లోని ఓ పెద్ద రెస్టరెంట్‌కి వెళ్లారు. మెనూతో పాటు అట్ట వేసిన మరో పుస్తకం చేతికొచ్చింది. తెరిస్తే అన్నీ నోరు తిరగని పేర్లే. పక్కన గుండె గుభేల్‌మనిపించే అంకెలు. ఎదురుగా స్టీవార్డ్ చేతులు కట్టుకుని నిల్చున్నాడు. అన్నిటికన్నా చవకది అడిగితే ఏమనుకుంటాడోనని, దానికన్నా కాస్త ధర ఎక్కువున్న పేరు మీద వేలు పెట్టేశారాయన.

ఆ మొహమాటం చాలామందికి ఉండేదే. అందుకే ‘రెండో చవక వైన్ మీదే రెస్టరెంట్లు ఎక్కువ లాగేస్తాయి’ అన్న మాట పుట్టింది. తమాషా ఏంటంటే, లండన్ రెస్టరెంట్ల లిస్టులను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2021లో చెప్పింది వేరు. కొన్న ధర మీద వేసుకునే లాభం శాతం ఎక్కువగా ఉన్నది లిస్టు మధ్యలోని వైన్లకట! అది లండన్ సంగతే అనుకున్నా, చవకది అడగడానికి సిగ్గుపడాల్సిన పనైతే లేదు.

ఇంతకీ ఆ పేర్లేంటి? మన నాసిక్ వైన్లకు ఎక్కువగా ద్రాక్ష రకం పేరే ఉంటుంది. షెనిన్ బ్లాంక్ అంటే తెల్ల వైన్, షిరాజ్ అంటే ఎర్రది. ఫ్రాన్స్ వాళ్లు మాత్రం తరచూ ఊరి పేరు రాసి ఊరుకుంటారు. షాబ్లీ అనేది ఊరు, అందులో ఉండేది షార్డనే అనే ద్రాక్ష. అది తెలియకపోవడం తప్పేమీ కాదు, అడిగితే చెప్పడానికే స్టీవార్డ్ ఉన్నాడు.

అసలు లెక్క ధరల దగ్గరుంది. ఉదాహరణకు ఓ షెనిన్ బ్లాంక్ గ్లాసు 650 రూపాయలు, సీసా 2,800 అని రాసి ఉందనుకుందాం. మామూలు సీసాలో 750 మిల్లీలీటర్లుంటుంది. గ్లాసుకి 150 పోస్తే సీసాకి అయిదు గ్లాసులు. విడిగా అయిదూ తీసుకుంటే 3,250 అవుతుంది. అంటే 450 రూపాయలు ఎక్కువ. అదే గ్లాసులో 125 మాత్రమే పోస్తే సీసాకి ఆరు గ్లాసులొస్తాయి, ఆ ఆరింటికీ 3,900! ధర మారలేదు, కొలత మారిందంతే. అందుకే లిస్టులో కొలత లేకపోతే ‘గ్లాసుకి ఎన్ని ఎంఎల్ పోస్తారు?’ అని ముందే అడగాలి. చాలాసార్లు అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న అదే.

మన దంపతులకు మూడు గ్లాసులు చాలనుకుంటే అయ్యేది 1,950, కాబట్టి విడిగా తీసుకోవడమే మేలు. నాలుగైతే 2,600. ఇంకో రెండొందలు వేస్తే సీసాయే వస్తుంది. కానీ ఆ అయిదో గ్లాసు తాగేవాళ్లుండాలి కదా! ధరల మీద పన్నులు వేరుగా ఉంటాయేమో, పేజీ అడుగున చిన్న అక్షరాలు కూడా చూడండి.

గ్లాసు వైన్‌తో ఇంకో చిక్కుంది. మూత తీసిన సీసాలోకి గాలి చేరుతుంది. తిరిగి బిగించి ఫ్రిజ్‌లో పెడితే చాలా వైన్లు రెండు మూడు రోజులు బాగానే ఉంటాయి. ఆ తర్వాత తెల్ల వైన్ దెబ్బతిన్న యాపిల్ పండులా వాసన వేస్తుంది, రంగు ముదురుతుంది. ఎర్రదైతే పండు రుచి పోయి చప్పబడుతుంది. నురగ వైన్‌ది మరీ తొందర, బుడగలు పోతే ఇంకేం మిగలదు. ‘ఈ సీసా ఎప్పుడు తెరిచారు?’ అని అడగండి. అంతగా అమ్ముడుపోని వైన్ అయితే ఇది మరీ ముఖ్యం. మంచి చోట అడిగితే కాస్త రుచి కూడా చూపిస్తారు.

ఎంత ఖర్చు పెట్టదలచుకున్నారో పక్కవాళ్లకు వినబడకూడదనుకుంటే తేలికైన దారుంది. లిస్టులో ఓ ధర మీద వేలు పెట్టి, ‘ఇంతలో తెల్లది, మరీ పుల్లగా లేనిది చెప్పండి’ అనాలి. స్టీవార్డ్‌కి విషయం అర్థమైపోతుంది. ఏం తినబోతున్నారో కూడా చెప్పండి. కారం దట్టించిన చికెన్ అయితే వగరెక్కువున్న ఎర్ర వైన్ ఆ మంటను ఇంకా పెంచినట్టుంటుంది. కాస్త తియ్యదనమున్న షెనిన్ బ్లాంక్ దాన్ని చల్లారుస్తుంది.

సీసా చెబితే మాత్రం చిన్న తంతు ఉంటుంది. ముందు లేబుల్ చూపిస్తారు. మీరు చెప్పిన పేరు, సంవత్సరం అవునో కాదో చూసుకోవాలి. తర్వాత గ్లాసులో కొంచెం పోసి ఆగుతారు. అది ‘నచ్చిందా’ అని అడగడం కాదు, ‘చెడిపోలేదు కదా’ అని. తడిసిన అట్టపెట్టె వాసనో, ముక్కిన వాసనో వస్తే బిరడా వల్ల పాడైందని అనుమానించాలి. ‘ఇందులో ఏదో తేడాగా ఉంది, ఒకసారి మీరు చూస్తారా?’ అంటే చాలు. వేరే సీసా తెరిచి పక్కపక్కనే వాసన చూస్తే సంగతి తేలిపోతుంది.