ముప్పై రెండు పేజీలు, ఒక పేజీ

పీజీ తరగతుల్లో సెమినార్ అంటే చాలాచోట్ల ఇదే పద్ధతి. ఒక్కో విద్యార్థికి ఒక్కో జర్నల్ వ్యాసం ఇస్తారు. చదివినవాళ్లు సారాంశం రాసి మిగతావాళ్లకు పంచాలి. మిగతావాళ్లు అసలు వ్యాసం తిరగెయ్యరు. చర్చ ఆ పేజీ మీదే జరుగుతుంది, పరీక్షలో జవాబూ దాన్ని బట్టే రాస్తారు. మన కోసం మనం రాసుకునే నోట్సులో ఒక మాట తేడాగా పడినా పరవాలేదు, అనుమానం వస్తే వ్యాసం తీసి చూసుకుంటాం. తోటివాళ్లకు ఆ వీలు ఉండదు. అందుకే ఏం తేలిందో రాస్తే సరిపోదు. ఎవరిని ఎవరితో పోల్చి ఆ మాట అన్నారో కూడా అందులో ఉండాలి. చాలా సారాంశాలు చెడేది అక్కడే.

మన హైదరాబాద్ బస్తీల మీద వచ్చిన వ్యాసాన్నే తీసుకుందాం. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ కలిసి రాసింది. 2015లో అమెరికన్ ఎకనామిక్ జర్నల్‌లో, అప్లైడ్ ఎకనామిక్స్ విభాగంలో అచ్చయింది. పేరు ‘ద మిరకిల్ ఆఫ్ మైక్రోఫైనాన్స్?’. చివర ఆ ప్రశ్నార్థకం ముఖ్యం. ఎత్తిరాసేటప్పుడు అది జారిపోతే వ్యాసం చెప్పేదానికి ఎదురు అర్థం వస్తుంది.

సంగతి ఇది. స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ హైదరాబాద్‌లో కొత్త శాఖలు తెరవాలనుకుంది. పరిశోధకులు 104 బస్తీలను ఎంచి, అందులో 52 బస్తీలను చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా విడదీశారు. సంస్థ ముందు ఆ 52 చోట్లే అడుగుపెట్టింది. ఆరు నుంచి పదిమంది ఆడవాళ్లు గుంపుగా చేరితే అప్పు ఇస్తారు. మొదటి అప్పు పదివేలు, 50 వారాల్లో వారం వారం కట్టి తీర్చాలి. శాఖలు తెరిచిన ఏడాదిన్నర లోపు పరిశోధకులు రెండు రకాల బస్తీల్లోనూ ఇంటింటికీ వెళ్లి అడిగారు. రెండేళ్ల తరవాత మళ్లీ అడిగారు.

హడావుడిగా రాసే సారాంశంలో ఈ వాక్యం తరచూ పడుతుంది: ‘అప్పు తీసుకున్న కుటుంబాలు, తీసుకోని కుటుంబాల కంటే పెద్దగా బాగుపడలేదు.’ చదవడానికి బాగానే ఉంది. కానీ వ్యాసం ఆ పోలికే చెయ్యలేదు. అప్పు తీసుకునేవాళ్లు సాధారణంగా కాస్త చొరవ ఉన్నవాళ్లో, అవసరం మరీ ముంచుకొచ్చినవాళ్లో అయి ఉంటారు. వాళ్లను మిగతావాళ్లతో పోలిస్తే కనిపించే తేడా అప్పు వల్ల వచ్చిందా, ఆ మనుషుల తీరు వల్ల వచ్చిందా తేలదు. అందుకే పరిశోధకులు బస్తీని బస్తీతో పోల్చారు. సంస్థ వచ్చిన బస్తీల్లో ఉన్న కుటుంబాలన్నీ ఒకవైపు, అప్పు తీసుకున్నా తీసుకోకపోయినా సరే. సంస్థ రాని బస్తీల కుటుంబాలు ఇంకోవైపు. సారాంశంలో దీనికి రెండు వాక్యాలు పోయినా నష్టం లేదు. మిగతా ఫలితాలన్నీ ఈ పోలిక మీదే నిలబడ్డాయి.

తరవాతి గండం అంకెల దగ్గర. సంస్థ రాని బస్తీల్లోనూ వేరే రుణ సంస్థలు ఉన్నాయి. అక్కడ నూటికి 18 కుటుంబాలు ఇలాంటి అప్పు తీసుకున్నాయి. సంస్థ వచ్చిన చోట్ల అది దాదాపు 27. వ్యాసం ఈ తేడాను 8.4 శాతం పాయింట్లు అంటుంది. ‘8.4 శాతం పెరిగింది’ అని రాస్తే అది తప్పు. 18 నుంచి 27కి వెళ్లడమంటే దాదాపు సగం పెరిగినట్టు. ‘నూటికి 18 కుటుంబాలు ఉన్నచోట 27 అయ్యాయి’ అని రెండు అంకెలూ పక్కపక్కన రాసేస్తే ఏ గందరగోళమూ ఉండదు. తోటివాళ్లకు ఇంకో సంగతి కూడా దాంతోనే అర్థమవుతుంది: గడప దాకా అప్పు వచ్చినా నూటికి డెబ్బై పైగా కుటుంబాలు తీసుకోలేదు. కాబట్టి బస్తీ మొత్తం మీద సగటు మార్పు చిన్నగా కనిపించడంలో వింత లేదు.

ఫలితాల దగ్గర రచయితల క్రమాన్నే పట్టుకుని పట్టిక తరవాత పట్టికగా నడవక్కర్లేదు. ఏం మారింది, ఏది మారినట్టు తేలలేదు అని రెండు భాగాలు చాలు. మారినవి ఇవి: అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు అందులో పెట్టుబడి పెంచారు, సగటు లాభమూ పెరిగింది. ఇంట్లో ఎక్కువకాలం వాడుకునే వస్తువుల మీద ఖర్చు పెరిగింది. పాన్, పొగాకు, మందు, బయట తిండి లాంటి ఖర్చు తగ్గింది. లాభం విషయంలో మాత్రం సగటును అలాగే వదిలెయ్యకూడదు. ఆ పెరుగుదల దాదాపుగా అప్పటికే బాగా లాభాల్లో ఉన్న కొద్దిపాటి వ్యాపారాల దగ్గర వచ్చింది. ‘వ్యాపారుల లాభాలు పెరిగాయి’ అని ఆపేస్తే తోపుడు బండి మనిషి కూడా లాభపడ్డాడనే తరగతి అనుకుంటుంది.

ఇక రెండో భాగం. కుటుంబం మొత్తం ఖర్చు, ఆరోగ్యం, చదువు, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ, వీటిలో గణాంకపరంగా చెప్పుకోదగ్గ మార్పు దొరకలేదు. ఇక్కడ ‘సూక్ష్మరుణం వల్ల ఉపయోగం లేదని రుజువైంది’ అని రాసేవాళ్లున్నారు. దొరకలేదనడం వేరు, లేదని తేలడం వేరు. పట్టికలో ప్రతి అంకె కిందా బ్రాకెట్లో స్టాండర్డ్ ఎర్రర్ ఉంటుంది. పై అంకె దానికి సుమారు రెండింతలైనా లేకపోతే ఆ తేడా కాకతాళీయం కూడా కావచ్చు. బ్రాకెట్లో అంకె పెద్దగా ఉంటే చిన్నపాటి మార్పు నిజంగా ఉన్నా ఈ సర్వే కంటికి ఆనకపోవచ్చు. అందుకని సారాంశం రాసేవాళ్లు వ్యాసం మొదట్లో ఉండే సంగ్రహాన్ని నమ్ముకుని కూర్చోకుండా, ముఖ్యమైన రెండు మూడు పట్టికలైనా సొంతంగా చదివి తీరాలని నా పట్టుదల.

రెండో విడత సర్వేను చాలామంది ‘కాలక్రమంలో ప్రభావం పోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అప్పటికి మిగిలిన 52 బస్తీల్లోకి కూడా స్పందన వచ్చేసింది. కాబట్టి రెండో విడత పోల్చింది అప్పు దొరికినవాళ్లను దొరకనివాళ్లతో కాదు. ముందు నుంచీ దొరుకుతున్న బస్తీలను ఆలస్యంగా దొరికిన బస్తీలతో పోల్చింది. వాటి మధ్య పెద్దగా తేడాలు మిగల్లేదన్నదే వ్యాసం మాట.

పేజీలో వరస ఎలా ఉండాలంటే, పైన వ్యాసం వివరాలు, ఆ వెంటనే ప్రశ్న ఒక్క వాక్యంలో. తరవాత పోలిక, ఫలితాలు, పరిమితులు. పరిమితుల్లో రచయితలు ఒప్పుకున్నవి ముందు రాయాలి: ఒకే నగరం, ఒకే సంస్థ, చుట్టూ అప్పటికే ఇతర రుణదాతలు. మన సొంత అభిప్రాయం ఉంటే గీత కొట్టి దాని కింద, ‘నా మాట’ అని పేరు పెట్టి రాయాలి. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద తెచ్చిన ఆర్డినెన్సును ప్రస్తావించాలనిపిస్తే అది ఆ గీత కిందే ఉండాలి. పైన కలిపేస్తే ఆ గొడవ ఈ పరిశోధన ఫలితమేమోనని తరగతి నమ్ముతుంది.

రాయడం అయ్యాక వ్యాసం చదవని స్నేహితురాలికి ఆ పేజీ ఇచ్చి, తీసేసుకుని, మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరిని ఎవరితో పోల్చారు? అప్పు తీసుకున్నవాళ్లు నూటికి ఎంతమంది నుంచి ఎంతమందికి పెరిగారు? లాభం ఎవరికి పెరిగింది? మొదటిదానికి ఆమె ‘అప్పు తీసుకున్నవాళ్లని తీసుకోనివాళ్లతో’ అంటే పోలిక పేరా మళ్లీ రాయాల్సిందే, మిగతా రెండింటికీ సరిగ్గా చెప్పినా సరే.