తువ్వాలు ‘తయారు చేయబడదు’, నేస్తారు

తెలుగు ఊళ్ల బజారులో దర్జీ దుకాణం బోర్డు చూడండి. ‘ఇచ్చట అన్ని రకాల దుస్తులు కుట్టబడును’ అని ఉంటుంది. లోపల మిషను ముందు కూర్చున్న దర్జీ మాత్రం ఎప్పుడూ అలా మాట్లాడడు. ‘గురువారానికి కుట్టి ఇస్తానమ్మా’ అంటాడు. నోట్లో ఉన్నంతసేపు బతికి ఉన్న క్రియ, బోర్డు ఎక్కగానే బిగుసుకుపోతుంది.

వస్తువును వర్ణించమంటే మన పిల్లలు రాసేదీ ఈ బోర్డు భాషే. షోలాపూర్‌లో తెలుగు మాధ్యమంలో చదివే మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాను. ఇంట్లో ఉన్న ఒక వస్తువును, దాన్ని ఎన్నడూ చూడని కొనుగోలుదారుకు ఐదు వాక్యాల్లో పరిచయం చేయాలి. ఇక్కడి దుప్పట్లకూ టర్కీ తువ్వాళ్లకూ భౌగోళిక గుర్తింపు ఉంది, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఇక్కడే మగ్గాల మీద బతుకుతున్నాయి. అందుకే చాలామంది తువ్వాలునే ఎంచుకున్నారు. ఎక్కువ నోటుపుస్తకాల్లో దాదాపు ఇదే కనిపించింది:

‘ఈ తువ్వాలు నాణ్యమైన నూలుతో తయారు చేయబడినది. ఇది మెత్తదనాన్ని కలిగి ఉంటుంది. ఇది నీటిని పీల్చుకునే సామర్థ్యాన్ని కలిగి ఉంటుంది. వివిధ రంగులలో లభించును. అన్ని వయసుల వారిచే వాడబడుతుంది.’

ఇందులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అయినా చదివిన వాడికి తువ్వాలు కనబడదు. ఎందుకో చూద్దాం.

చివరి మాట బరువు

తెలుగు వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. విన్నవాడి చెవిలో మిగిలేది ఆ చివరి మాటే. పై ఐదు వాక్యాల చివరి మాటలు వరుసగా చదవండి: చేయబడినది, కలిగి ఉంటుంది, కలిగి ఉంటుంది, లభించును, వాడబడుతుంది. ఈ ఐదింటిలో ఒక్కటైనా తువ్వాలుకు మాత్రమే చెందిన పని ఉందా? తువ్వాలు తీసేసి దిండు అని పెట్టినా, చొక్కా అని పెట్టినా ఆ క్రియలు అలాగే నిలబడతాయి.

తరగతిలో దీన్ని తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. క్రియను నోరు విప్పకుండా చేతులతో అభినయించమనాలి. ‘పిండు’ అంటే ఎవరైనా చేసి చూపిస్తారు. ‘దులుపు’, ‘ఆరేయి’, ‘తుడుచుకో’ అన్నా అంతే. ‘కలిగి ఉండు’ అనగానే పిల్లవాడు చేతులు కట్టుకుని నిలబడిపోతాడు. చేతికి అందని క్రియ చదివేవాడి కంటికీ అందదు. బలహీన క్రియ అంటే అదే. కలిగి ఉండు, జరుగు, లభించు, ‘చేయడం జరిగింది’ వంటివన్నీ ఈ కోవలోవే.

బలహీన క్రియ వచ్చిన చోట సాధారణంగా అసలు క్రియ దగ్గర్లోనే, నామవాచకం చాటున దాక్కుని ఉంటుంది. ‘నీటిని పీల్చుకునే సామర్థ్యాన్ని కలిగి ఉంటుంది’ అన్న వాక్యంలో పని ఏది? పీల్చుకోవడం. దాన్ని బయటికి లాగి చివర కూర్చోబెడితే ‘నీటిని పీల్చుకుంటుంది’ అవుతుంది. ఐదు మాటల పని రెండు మాటల్లో తీరింది, వాక్యంలో కదలిక వచ్చింది.

‘బడు’ మనకు అంతగా అవసరం లేదు

కర్తరి వాక్యాన్ని కర్మణిగా మార్చడం మనం బడిలో నేర్పుతాం. కర్తకు ‘చేత’ చేర్చాలి, క్రియకు ‘బడు’ చేర్చాలి. ‘రాముడు పుస్తకం చదివాడు’ కాస్తా ‘రాముని చేత పుస్తకం చదవబడింది’ అవుతుంది. పరీక్షకు ఇది తెలియాలి. కానీ ఇంట్లో ఎవరూ ‘అమ్మ చేత అన్నం వండబడింది’ అనరన్నది కూడా అదే పాఠంలో చెప్పాలి.

ఇంగ్లీషులో కర్మణికి గట్టి కారణమే ఉంది. ఆ భాషలో వాక్యానికి కర్త తప్పనిసరి. చేసిన వాళ్లెవరో చెప్పకుండా వదిలేయాలంటే ఎక్కువగా కర్మణినే ఆశ్రయించాలి. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. ‘ఈ తువ్వాలును షోలాపూర్‌లో నేశారు’ అంటే చాలు, ఎవరు నేశారో పేరు చెప్పనక్కర్లేదు. ఇంకా తేలికైన దారి, క్రియనే విశేషణం చేసి వస్తువు ముందు పెట్టడం: ‘షోలాపూర్‌లో నేసిన తువ్వాలు’. నేయబడిన తువ్వాలు అననక్కర్లేదు. దంచిన కారం, ఎండబెట్టిన వడియాలు, ఉతికిన బట్టలు అని రోజూ అంటూనే ఉన్నాం. కర్త లేకపోయినా వీటిలో పని చక్కగా కనబడుతోంది. ఇంగ్లీషు చీటీని మాటకు మాట దించుకున్నప్పుడే మనకు ‘చేయబడినది’ దాపురిస్తుంది.

అయితే ‘బడు’ తీసేస్తే పని అయిపోయిందనుకోకూడదు. ఒక అబ్బాయి మొదటి వాక్యాన్ని ‘ఈ తువ్వాలును నాణ్యమైన నూలుతో తయారు చేశారు’ అని దిద్దాడు. కర్మణి పోయింది కానీ చప్పదనం పోలేదు. ‘తయారు చేయు’ కుండకూ సరిపోతుంది, కుర్చీకీ సరిపోతుంది. తువ్వాలు విషయంలో జరిగిన పని ఏమిటో ఇంకా చెప్పలేదు. ఆ పని వ్యాకరణ పుస్తకంలో దొరకదు, మగ్గం దగ్గర దొరుకుతుంది.

మగ్గం దగ్గర దొరికిన క్రియలు

‘మీ ఇంట్లో ఎవరేం పని చేస్తారు?’ అని అడిగితే ఒక అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెప్పింది: ‘మా నాయిన పోగులు తెగితే అతుకుతడు టీచర్. మా నాయనమ్మ కండెలు చుట్టేది. అమ్మ అంచులు మడిచి కుడతది.’ అతుకు, చుట్టు, మడుచు, కుట్టు. నాలుగూ చేతులతో చేసి చూపగల క్రియలే. పుస్తకంలో మాత్రం ఈ అమ్మాయి కూడా ‘తయారు చేయబడినది’ అనే రాసింది. ఇంటి తెలుగు రాతకు పనికిరాదన్న భయం ఇక్కడి పిల్లల్లో ఎక్కువ. వాళ్లకు రాసే తెలుగు పాఠ్యపుస్తకంలో తప్ప వేరే చోట పెద్దగా కనబడదు కదా. ఆ భయం అలాగే ఉంటే, ఇంట్లో బతికి ఉన్న క్రియలు ఒక తరంలో కాగితం చేరకుండానే పోతాయి.

టర్కీ తువ్వాలు నీరు ఎలా పీల్చుకుంటుందో తెలియాలంటే నేత చూడాలి. మామూలు బట్టకు ఒకే పడుగు ఉంటుంది. దీనికి రెండు పడుగులు. ఒకటి బిగువుగా, రెండోది వదులుగా ఉంటాయి. అడ్డంగా వేసే పేకలో మొదటి రెండు పోగులను నేసిన బట్ట దాకా కొట్టకుండా కాస్త ఎడంగా ఆపుతారు. మూడో పోగు పడ్డాక మూడింటినీ కలిపి ఒకేసారి ముందుకు కొడతారు. బిగువు పడుగు కదలదు. వదులు పడుగు ఆ దెబ్బకు వంగి, బట్టకు రెండు వైపులా చిన్న చిన్న ఉంగరాల్లా లేస్తుంది. ఒంటి తడిని పట్టుకునేది ఆ ఉంగరాలే. ఇది తెలిశాక ‘సామర్థ్యాన్ని కలిగి ఉంటుంది’ అని రాయడానికి ఇక చేయి రాదు.

దిద్దిన తువ్వాలు

తరగతి అంతా కలిసి చివరికి ఇలా రాశాం:

‘షోలాపూర్ మరమగ్గం మీద నేసిన టర్కీ తువ్వాలు. పూర్తిగా నూలు. పొడవు 60 అంగుళాలు, వెడల్పు 30. బరువు సుమారు 520 గ్రాములు. రెండు వైపులా లేచిన నూలు ఉంగరాలు ఒంటికి అద్దగానే తడిని లాగేసుకుంటాయి. అంచులు మడిచి రెండు వరుసలు కుట్టాం, పోగులు ఊడిరావు. మొదటి రెండు ఉతుకుల్లో కాస్త నూగు రాలుతుంది, విడిగా ఉతకండి. గట్టిగా దులిపి ఆరేస్తే ఉంగరాలు మళ్లీ లేస్తాయి. బట్టల మెత్తదనం కోసం అమ్మే ద్రవాలు వాడకండి. అవి నూలుకు పూతలా అంటుకుని తడిని లోపలికి రానివ్వవు. రంగు దిగితే ఏడు రోజుల్లో బిల్లుతో తెండి, మార్చి ఇస్తాం.’

కొలతల దగ్గర క్రియే లేదని గమనించండి. ‘60 అంగుళాల పొడవును కలిగి ఉంటుంది’ అనాల్సిన పని తెలుగులో లేదు. ‘పొడవు 60 అంగుళాలు’ పూర్తి వాక్యమే. పని లేని చోట క్రియను బలవంతంగా తెచ్చి పెట్టకూడదు.

ఇంకో వైపు జారడమూ సులువే. ఒకరిద్దరు ఉత్సాహంగా ‘ఈ తువ్వాలు మిమ్మల్ని అమ్మలా కౌగిలించుకుంటుంది’ అని రాశారు. క్రియలో చురుకు ఉంది, అందులో నిజం లేదు. ఇంకొకరు ‘చేత్తో నేసిన’ అన్నారు. వాళ్ల ఇంట్లో ఉన్నది మరమగ్గం. ‘తయారు చేయబడినది’ అన్నంతకాలం ఈ ప్రశ్న రాదు. ‘నేసిన’ అనగానే ఎవరు, దేనితో అన్నది తేల్చుకోవాల్సి వస్తుంది. చేమగ్గం కానిదాన్ని చేమగ్గం అంటే కొన్నవాడిని మోసం చేసినట్టే, నిజంగా చేత్తో నేసే వాడి కూడు తీసినట్టే.

కర్మణి బాధ్యతను ఎలా దాచిపెడుతుందో చివరి వాక్యంలో చూడవచ్చు. పిల్లలు మొదట ‘లోపాలున్నచో మార్చి ఇవ్వబడును’ అని రాశారు. ఎవరు ఇస్తారు? ఎప్పటిలోగా? ఏ లోపానికి? ‘మార్చి ఇస్తాం’ అని రాయగానే ఆ ‘మేం’ ఎవరో బయటపడ్డారు. వెంటనే ఒకడు ‘ఎన్ని రోజుల్లో అని రాయాలి టీచర్?’ అని అడిగాడు. క్రియ సరిపడ్డాకే ఆ ప్రశ్న పుట్టింది.

మీ తరగతిలో చేయించాలనుకుంటే, ఇంట్లోంచి ఒక సబ్బు పెట్టెనో కారం పొట్లాన్నో తెమ్మనండి. దాని మీది తెలుగు వాక్యాల్లో చివరి మాటల కింద గీత గీయించండి. చేతులతో అభినయించలేని ప్రతి క్రియ దగ్గర ‘ఇక్కడ నిజంగా జరిగే పని ఏమిటి?’ అని అడగండి. జవాబు తెలియకపోతే ఇంట్లో పెద్దలను అడిగి రమ్మనండి. దిద్దిన వాక్యాలను, ఆ వస్తువు చూడని పక్క తరగతి పిల్లవాడికి వినిపించండి. విన్నాక అది ఏ వస్తువో వాడు పేరు చెప్పగలిగితే క్రియలు సరిగ్గా పడ్డట్టే.