మెమరీ కార్డు పేజీలో అరువు ఫోటోలు

నకిలీ మెమరీ కార్డు మొదటి వారం బాగానే పనిచేస్తుంది. లోపల నిజంగా ఉన్న చోటు 32 జీబీయే అయినా, కార్డులోని కంట్రోలర్ చిప్‌ను మార్చేయడం వల్ల అది ఫోన్‌కు 1 టీబీ అని చెప్పుకుంటుంది. అసలు చోటు నిండాక కొత్తగా తీసిన ఫోటోలు పాతవాటిని చెరిపేస్తాయి, లేదా తెరుచుకోని ఫైళ్లుగా మిగిలిపోతాయి. అందుకే ఈ సరుకు రివ్యూలను నమ్మడం మరీ కష్టం. డబ్బు తీసుకుని రాసిన పొగడ్తల పక్కనే, మోసపోయిన సంగతి ఇంకా తెలియని మనిషి నిజాయితీగా ఇచ్చిన ఐదు నక్షత్రాలు కూడా ఉంటాయి.

పేరున్న బ్రాండు 1 టీబీ కార్డు, బయటి ధరలో పదో వంతుకే అమ్ముతున్న పేజీ ఒకటి ఉందనుకుందాం. సగటు 4.4 నక్షత్రాలు, ఆరు వందల రివ్యూలు. ముందుగా పైకి కనిపించేవాటిని వదిలేసి, రివ్యూలను తేదీల వరుసలో పెట్టి బాగా పాతవాటి దాకా వెళ్లాలి. అక్కడ కొందరు ఫోన్ కవరు రంగు బాగుందని, అంచులు గట్టిగా పట్టాయని రాసి ఉంటే విషయం దాదాపు తేలిపోయినట్టే. ఒకప్పుడు కవర్లు అమ్మిన పేజీకి పేరు, బొమ్మ మార్చేసి, ఆ నక్షత్రాలన్నీ కార్డుకు తగిలించారన్నమాట. ఒక సరుకును మరో సరుకు రకంగా చూపించి రివ్యూలు కలిపేయడం కూడా ఇలాంటిదే. నకిలీ సరుకు కాకపోయినా, కొత్త ఉత్పత్తులను ఇలా బాగా అమ్ముడుపోయేవాటితో కలిపినందుకు బౌంటిఫుల్ అనే విటమిన్ల కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో చర్య తీసుకుంది. ఆ కంపెనీ 6 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

తేదీలు ఇంకో సంగతి కూడా చెబుతాయి. నలభై ఐదు నక్షత్రాల రివ్యూలు మూడు రోజుల్లో వచ్చిపడి, రెండు నెలల తర్వాత ‘పాప పుట్టినరోజు వీడియోలు తెరుచుకోవడం లేదు’ లాంటి ఒంటి నక్షత్రాలు మొదలైతే, వెనక వచ్చినవాటికే విలువ ఎక్కువ. పండగ అమ్మకాలప్పుడు అసలు సరుకుకూ రివ్యూలు గుంపుగా వస్తాయి కాబట్టి, గుంపు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఆ గుంపులో ఎవరూ ఏ ఫోన్‌లో వేశారో, ఎంత నింపారో చెప్పకుండా, సరుకు పూర్తి పేరే మళ్లీ మళ్లీ రాస్తుంటే అనుమానం బలపడుతుంది.

ఇక ఫోటోలు. కొన్నవాళ్లు పెట్టినట్టు కనిపించే ప్రతి బొమ్మనూ గూగుల్ లెన్స్‌లో వెతకవచ్చు. అదే బొమ్మ మరో దేశపు దుకాణంలోనో, ఎవరి పాత సమీక్షలోనో దొరికితే అది అరువు తెచ్చుకున్నదే. వెతుకులాటకు చిక్కకుండా బొమ్మను కుడి ఎడమలు తిప్పేయడం మామూలే. అప్పుడు ప్యాకెట్ మీది అక్షరాలు అద్దంలోలా తిరగబడతాయి. అక్షరాలు లేని బొమ్మనైతే ఫోన్‌లో మళ్లీ తిప్పి వెతకాలి. ఏమీ దొరకలేదంటే ఆ బొమ్మ సొంతదని రుజువైనట్టు కాదు.

తర్వాత బొమ్మను పెద్దది చేసి చూడాలి. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, దిగుమతిదారు పేరు ఉండాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో కొన్నామని రాసినవాళ్ల ఫోటోల్లో ప్యాకెట్ అన్ని వైపులా కనిపిస్తున్నా ఆ లేబుల్ లేదంటే, ఫోటో బయటిదై ఉండాలి, లేదా సరుకు సరైన దారిలో రాలేదు. కార్డు మీది చిన్న గుర్తు ఇంకా సూటిగా చెబుతుంది. HC గుర్తు 32 జీబీ వరకే వర్తిస్తుంది, 1 టీబీ కార్డు మీద XC ఉండాలి. 1 టీబీ అని రాసి పక్కన HC అని ఉంటే ఆ కార్డు నకిలీదే. ఫోన్ తెర మీద 1 టీబీ కనిపిస్తున్న స్క్రీన్‌షాట్‌కు మాత్రం విలువ లేదు. నకిలీ కార్డు చూపించేదీ అదే.

‘వెరిఫైడ్ పర్చేజ్’ గుర్తు డబ్బు కట్టి కొన్నారనే చెబుతుంది. రివ్యూ రాశాక ఆ డబ్బు వేరే దారిలో తిరిగి ఇచ్చేసినా గుర్తు అలాగే ఉంటుంది. పైగా చాలా సైట్లలో రివ్యూలు సరుకు పేజీవే గానీ అమ్మకందారువి కావు. అంటే రివ్యూలూ ఫోటోలూ అన్నీ నిజమైనవే అయినా, అదే పేజీలో కొత్తగా చేరిన అమ్మకందారు నకిలీ పంపవచ్చు. అందుకని అమ్మకందారు పేరు నొక్కి, అతని రేటింగును విడిగా చూడాలి.

అప్పటికే కార్డు ఇంటికి వచ్చి ఉంటే రివ్యూలతో పని లేదు. విండోస్ కంప్యూటర్‌లో H2testw, లినక్స్‌లో F3 కార్డునంతా నింపి, రాసినదాన్ని తిరిగి చదివి సరిచూస్తాయి. పెద్ద కార్డుకు ఇది గంటల పని. అందుకే వాపసు గడువు ముగియకముందే, కార్డులో ఒక్క ఫోటో కూడా దాచకముందే ఈ పరీక్ష చేయాలి.